పసివాళ్ల గురక: తెల్లవారుజామున ఒకసారి చూడండి

రెండేళ్ల పిల్లవాడు పెద్దగా గురక పెడుతుంటే మన ఇళ్లలో ఎవరూ కంగారుపడరు. "పగలంతా ఆడి అలసిపోయాడు, ఒళ్లెరగకుండా పడుకున్నాడు" అంటుంది అమ్మమ్మ. "వాళ్ల తాతకీ ఇంతేలే" అని ఇంకెవరో అంటారు. కొన్నాళ్లకు ఆ చప్పుడు ఇంటిల్లిపాదికీ అలవాటైపోతుంది. కానీ పసివాళ్లు రోజూ గురక పెట్టడం గాఢనిద్రకు గుర్తు కాదు. గాలి వెళ్లే దారి ఎక్కడో ఇరుకైంది. ఆ ఇరుకులోంచి గాలి లాక్కోవడానికి బిడ్డ నిద్రలో కూడా కష్టపడుతున్నాడు.

జలుబు చేసినప్పుడు నాలుగు రోజులు గురక వచ్చి, ముక్కు తెరిపిన పడగానే పోతే దాని గురించి ఆలోచించక్కర్లేదు. జలుబు లేని రోజుల్లో కూడా వారానికి 3 రాత్రులో, అంతకంటే ఎక్కువో గురక వినిపిస్తూ, నెల గడిచినా తగ్గకపోతే మాత్రం పిల్లల డాక్టరుకు చెప్పాలి. గురక ఎంత పెద్దగా ఉందన్నది ఇక్కడ అంత ముఖ్యం కాదు. పెద్ద చప్పుడుతో, లయ తప్పకుండా గురక పెట్టే బిడ్డకంటే, గురక మధ్యలో హఠాత్తుగా నిశ్శబ్దమైపోయే బిడ్డ విషయంలోనే ఎక్కువ జాగ్రత్తపడాలి.

ఆ నిశ్శబ్దంలో ఏం జరుగుతుందో తెలియాలంటే గొంతు లోపలి అమరిక కొంచెం తెలియాలి. నోరు తెరిస్తే కొండనాలుకకు అటూ ఇటూ కనిపించే గడ్డలు టాన్సిల్స్. అదే జాతి కండ ఇంకొకటి ముక్కు వెనక, అంగిలికి పైన ఉంటుంది. దాన్ని అడినాయిడ్స్ అంటారు. నోరు ఎంత తెరిచినా అది కనిపించదు. డెన్మార్క్ డాక్టరు విల్హెల్మ్ మేయర్ 1868లో దీని గురించి రాసేదాకా, నోరు తెరుచుకుని ఉండే పిల్లల ముక్కు వెనక ఏముందో వైద్యులు కూడా పెద్దగా పట్టించుకోలేదు. ఈ రెండూ ఒంట్లోకి వచ్చే క్రిములను గుర్తుపట్టే పనిలో ఉంటాయి. అందుకే చిన్నతనంలో, వరసగా జలుబులు చేసే వయసులో బాగా పెరుగుతాయి. గొంతు దారి మాత్రం ఇంకా చిన్నదే. దారి సైజుతో పోలిస్తే గడ్డలు మరీ పెద్దవిగా ఉండేది సుమారు 2 ఏళ్ల నుంచి 6, 7 ఏళ్ల దాకా. పసివాళ్ల గురకకు అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కారణం ఇదే.

మెలకువగా ఉన్నంతసేపూ గొంతు కండరాలు బిగువుగా ఉండి దారిని తెరిచి ఉంచుతాయి. నిద్రలో అవి సడలుతాయి. కొబ్బరిబోండాంలో నాని మెత్తబడ్డ కాగితం స్ట్రాను గట్టిగా పీలిస్తే ఏమవుతుంది? గోడలు లోపలికి అతుక్కుపోతాయి, ఎంత పీల్చినా నీళ్లు రావు. బిడ్డ గొంతులో జరిగేదీ అంతే. ముందు గోడలు అదిరి గురక వస్తుంది, తర్వాత దారి పూర్తిగా మూసుకుపోతుంది. ఛాతీ, పొట్ట మాత్రం గాలి కోసం లాగుతూనే ఉంటాయి. కొన్ని క్షణాలకు మెదడు ఉలిక్కిపడి నిద్రను తేలిక చేస్తుంది, కండరాలు బిగుసుకుంటాయి, బిడ్డ ఒక్కసారి బుస్సుమని గాలి పీల్చి పక్కకు దొర్లుతాడు. మళ్లీ నిద్ర, మళ్లీ గురక, మళ్లీ మూసుకుపోవడం. దీన్నే డాక్టర్లు స్లీప్ ఆప్నియా అంటారు.

చాలామంది తల్లిదండ్రులకు తెలియని సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. కండరాలు అన్నిటికంటే ఎక్కువగా సడలేది కలలు వచ్చే దశలో. ఆ దశ రాత్రి మొదటి భాగంలో తక్కువగా, చివరి భాగంలో ఎక్కువగా ఉంటుంది. అంటే బిడ్డను 9 గంటలకు పడుకోబెట్టి, 11కి ఒకసారి చూసి "బాగానే పడుకున్నాడు" అనుకుని మనం నిద్రపోతాం. అసలు ఇబ్బంది తెల్లవారుజామున 3 నుంచి 5 మధ్య, ఇల్లంతా నిద్రలో ఉన్నప్పుడు జరుగుతుంటుంది. గురక సమస్య ఏళ్ల తరబడి ఎవరి కంటా పడకపోవడానికి ఇదొక కారణమని నా నమ్మకం.

ఇప్పుడు ఒక బాబు సంగతి చూద్దాం. ఇతను ఏ ఒక్క ఇంటి బిడ్డా కాదు, ఈ ఇబ్బందితో ఆసుపత్రులకు వచ్చే పిల్లల్లో తరచూ కనిపించేవన్నీ కలిపి చెబుతున్న ఉదాహరణ. గుంటూరు జిల్లాలో ఒక ఊరు, 2 ఏళ్ల 8 నెలల వయసు. తల్లి ఆసుపత్రికి తీసుకొచ్చింది గురక కోసం కాదు. "అన్నం తినడు మేడమ్, ముద్ద నోట్లో పెట్టుకుని గంటసేపు కూర్చుంటాడు. ఏదైనా ఆకలి మందు రాయండి" అని వచ్చింది.

డాక్టరు టీకాల కార్డు తీసి చూసింది. ఏడాదిన్నర వయసులో బరువు 10.4 కిలోలు. ఇప్పుడు 11.2. ఈ వయసు పిల్లలు ఏడాదికి దాదాపు 2 కిలోలు పెరుగుతారు. ఇతను 14 నెలల్లో 800 గ్రాములే పెరిగాడు. బాబు తల్లి ఒళ్లో నోరు తెరుచుకునే కూర్చున్నాడు, కింది పెదవి తడిగా ఉంది. మాట ముక్కు మూసుకుని మాట్లాడినట్టు వస్తోంది, "మామ" అన్నది "బాబ"లాగా వినిపిస్తోంది. ముక్కుతో గాలి ఆడని బిడ్డకు నమలడం, ఊపిరి తీయడం రెండూ ఒకేసారి కుదరవు. నోరు మూసి నమిలితే గాలి ఉండదు, గాలి కోసం నోరు తెరిస్తే ముద్ద ఆగిపోతుంది. టాన్సిల్స్ బాగా పెద్దవైతే గట్టి ముద్ద మింగడం కూడా కష్టమే. ఆకలి లేకపోవడం కాదు ఇది.

"రాత్రి గురక పెడతాడా అమ్మా?" అని డాక్టరు అడిగితే, తల్లికంటే ముందు అమ్మమ్మ జవాబు చెప్పింది. "పెడతాడు మేడమ్, గోడ అవతలికి వినిపిస్తుంది. పడుకోవడం కూడా విచిత్రంగానే పడుకుంటాడు. దిండు మీద తల ఉంచడు, మెడ వెనక్కి విరిచి పడుకుంటాడు. ఒక్కోసారి మోకాళ్ల మీద బోర్లా వంగి పడుకుంటాడు. చలికాలంలో కూడా తలంతా చెమట." అమ్మమ్మ చెప్పిన ప్రతి మాటా వైద్యపరంగా విలువైనదే. మెడ వెనక్కి వంచితే గొంతు దారి కొంచెం తెరుచుకుంటుంది. బిడ్డకు అది ఎవరూ నేర్పలేదు, నిద్రలో తనంతట తానే వెతుక్కున్నాడు. చెమట, రాత్రంతా ఊపిరి కోసం పడే శ్రమ వల్ల.

పగలు ఇతను మత్తుగా తూగుతూ ఉండడు. నిద్ర చాలని పెద్దవాళ్లు కునుకు తీస్తారు. పసివాళ్లు చాలాసార్లు దానికి తలకిందులుగా ఉంటారు. ఒక చోట నిలవరు, చిన్నదానికే ఏడుస్తారు, కొరుకుతారు, విసిరేస్తారు. "మహా అల్లరి" అని పేరు పడుతుంది. అల్లరి పిల్లలందరికీ గురక జబ్బు ఉందని కాదు. అల్లరితో పాటు రోజూ గురక కూడా ఉంటే మాత్రం రెండింటినీ కలిపి చూడాలి.

డాక్టరు మందు రాసే ముందు తల్లికి ఒక పని చెప్పింది. తెల్లవారుజామున 4 గంటల ప్రాంతంలో లేచి ఫోన్‌తో వీడియో తీయమంది. అది ఎలా తీయాలో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఆసుపత్రిలో మెలకువగా ఉన్న బిడ్డను ఎంతసేపు పరీక్షించినా రాత్రి ఊపిరి ఎలా ఉంటుందో తెలియదు. వెలుతురు కొద్దిగా ఉంటే చాలు. చొక్కా గుండీలు విప్పి, దుప్పటి తీసి, గడ్డం నుంచి బొడ్డు దాకా కనిపించేలా పెట్టాలి. ముఖం ఒక్కటే తీస్తే సగం సమాచారం పోయినట్టే. ఫ్యాను చప్పుడులో ఊపిరి వినపడకపోతే రెండు నిమిషాలు ఆపాలి. బిడ్డను కదిలించకుండా, లేపకుండా, 2, 3 నిమిషాల చొప్పున నాలుగైదు ముక్కలు, వేర్వేరు రాత్రుల్లో తీసిపెట్టుకోవాలి.

ఆ వీడియోలో చూడాల్సింది ఛాతీ, పొట్ట కదలిక. మామూలుగా ఊపిరి తీస్తే రెండూ కలిసి పైకి లేస్తాయి. దారి మూసుకుంటే పొట్ట పైకి లేస్తుంటే ఛాతీ లోపలికి పోతుంది. డొక్కలు ఎగరేయడం అని మనవాళ్లు అనేది ఇదే. మెడ కింద గుంట, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుంటాయి. ఇంత శ్రమ జరుగుతూ, ముక్కు దగ్గర గాలి చప్పుడు లేకపోతే అది అడ్డుపడి ఆగిన ఊపిరి.

ఎంతసేపు ఆగితే ఎక్కువ? పెద్దవాళ్లలో 10 సెకన్లు ఆగితే లెక్కలోకి తీసుకుంటారు. పసివాళ్లకు అంతసేపు ఆగక్కర్లేదు. ఈ వయసు బిడ్డ నిద్రలో నిమిషానికి 20 నుంచి 30 సార్లు ఊపిరి తీస్తాడు. రెండు ఊపిర్లు పట్టేంత కాలం, అంటే దాదాపు 5, 6 సెకన్లు, ఛాతీ లాగుతున్నా గాలి ఆడకపోతే వైద్యులు దాన్ని ఆప్నియాగా లెక్కిస్తారు. గడియారం చూసి 10 దాకా లెక్కపెట్టి "ఏం కాలేదులే" అనుకుంటే పొరపాటు.

అలాగని ప్రతి ఆగడమూ జబ్బు కాదు. నిద్రలో బిడ్డ ఒక పెద్ద నిట్టూర్పు విడిచి, లేదా అటు నుంచి ఇటు దొర్లి, తర్వాత కొన్ని క్షణాలు ఏ కదలికా లేకుండా ప్రశాంతంగా ఉండి మళ్లీ మామూలుగా ఊపిరి తీయడం సహజం. అక్కడ డొక్కలు ఎగరేయడం ఉండదు, రంగు మారదు, చివర ఉలికిపాటూ ఉండదు. ఏడుస్తూ ఏడుస్తూ గుక్కపట్టడం కూడా వేరే సంగతి. అది మెలకువలో, కోపంతోనో నొప్పితోనో ఏడ్చినప్పుడు వచ్చేది. దానికీ గురకకూ సంబంధం లేదు.

కరోనా కాలంలో కొన్న వేలి ఆక్సిమీటరు చాలా ఇళ్లలో ఉంది. దాన్ని బిడ్డ వేలికి పెట్టి చూసి ధైర్యపడటమో భయపడటమో చేయొద్దు. అది పెద్దవాళ్ల వేలికి తగ్గట్టు చేసింది. చిన్న వేలికి సరిగ్గా కూర్చోదు, బిడ్డ కదిలితే తప్పుడు అంకె చూపిస్తుంది.

మన బాబు వీడియోలో నాలుగో నిమిషం చూసి డాక్టరు ఆపమంది. గురక, తర్వాత 8 సెకన్ల నిశ్శబ్దం, ఆ 8 సెకన్లూ ఛాతీ లోపలికి గుంజుకోవడం, తర్వాత గొంతులోంచి గుటక లాంటి చప్పుడుతో ఉలిక్కిపడటం. ఆ మూడు నిమిషాల ముక్కలో అదే నాలుగుసార్లు. చెవి ముక్కు గొంతు నిపుణుడి దగ్గరికి పంపింది. అక్కడ నోట్లో చూస్తే టాన్సిల్స్ రెండూ మధ్యలో దాదాపు ఆనుకుంటున్నాయి. మెడకు పక్క నుంచి తీసిన ఎక్స్‌రేలో ముక్కు వెనక గాలి దారి సన్నటి గీతలా మిగిలింది. చెవి పరీక్షలో కర్ణభేరి వెనక నీరు చేరినట్టు తేలింది. చెవికి గాలి పంపే గొట్టం అడినాయిడ్స్ పక్కనే తెరుచుకుంటుంది, అది మూసుకుపోతే చెవిలో జిగట ద్రవం నిలుస్తుంది. పిలిస్తే పలకడని, టీవీ సౌండ్ పెంచమంటాడని, మాటలు ఆలస్యమయ్యాయని తల్లి విడివిడిగా చెప్పినవన్నీ ఇక్కడ ఒక్క చోటికి వచ్చాయి.

టాన్సిల్స్ సైజు ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. పెద్ద టాన్సిల్స్ ఉండి హాయిగా నిద్రపోయే పిల్లలున్నారు, చిన్నవే ఉండి రాత్రంతా అవస్థపడే పిల్లలూ ఉన్నారు. ఖచ్చితంగా తేల్చేది నిద్ర పరీక్ష. దాన్ని పాలీసోమ్నోగ్రఫీ అంటారు. ఒక రాత్రి ఆసుపత్రిలో పడుకోబెట్టి, తలకు, ఛాతీకి, పొట్టకు, ముక్కు దగ్గర, వేలికి సెన్సర్లు అంటించి, ఊపిరి గంటకు ఎన్నిసార్లు ఆగుతోందో, సన్నగిల్లుతోందో లెక్కిస్తారు. పిల్లల్లో గంటకు ఒకటి దాటితేనే మామూలు కాదంటారు. 10 దాటితే తీవ్రం. పెద్దవాళ్ల కొలతతో చూస్తే గంటకు 5 లోపు మామూలే. అందుకే రిపోర్టును పిల్లల నిద్ర గురించి తెలిసిన డాక్టరే చదవాలి. పసివాళ్లకు ఈ పరీక్ష చేసే చోట్లు మన దగ్గర పెద్ద నగరాల్లోనే ఉన్నాయి. మిగతా చోట్ల లక్షణాలు, వీడియో, పరీక్ష కలిపి చూసి, అవసరమైతే రాత్రంతా పిల్లల సెన్సరుతో ఆక్సిజన్ రికార్డు చేసి నిర్ణయిస్తారు. బాబుకు అదే చేశారు. 95 పైన ఉండాల్సిన ఆక్సిజన్ తెల్లవారుజామున గుంపులు గుంపులుగా 90 కిందికి పడిపోయింది, ఒకసారి 84 దాకా దిగింది. ఈ రికార్డు ఇలా చెడ్డగా వస్తే జబ్బు ఉన్నట్టే. బాగా వస్తే మాత్రం జబ్బు లేదని అర్థం కాదు, ఎందుకంటే ఆక్సిజన్ పడకుండానే నిద్ర చెడే పిల్లలు చాలామంది. అప్పుడు పూర్తి నిద్ర పరీక్ష కావాలి.

అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే గురక అనగానే భయపడి పరుగెత్తేవాళ్లూ ఉన్నారు. గురక ఉండి, ఆగడాలు లేకుండా, బరువు బాగా పెరుగుతూ, పగలు హుషారుగా ఉన్న బిడ్డకు మొదటి మందు ఉప్పునీటి స్ప్రే కావచ్చు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో 3 నుంచి 12 ఏళ్ల పిల్లల మీద చేసిన ఒక పరిశోధన 2023లో వచ్చింది. కొందరికి 6 వారాలు స్టెరాయిడ్ ముక్కు స్ప్రే, కొందరికి ఉత్త ఉప్పునీటి స్ప్రే ఇచ్చారు. రెండు గుంపుల్లోనూ ప్రతి పదిమందిలో సుమారు నలుగురికి లక్షణాలు పోయాయి. ఉప్పునీరు స్టెరాయిడ్‌కు తీసిపోలేదు. అలర్జీ ఉన్న పిల్లలకు, 2 ఏళ్లు దాటాక, డాక్టరు స్టెరాయిడ్ స్ప్రే కొన్ని వారాలు ఇవ్వవచ్చు. ఇంట్లో సిగరెట్, బీడీ పొగ, బిడ్డ పడుకునే గదిలో దోమల చుట్టల పొగ, సాంబ్రాణి పొగ ఉంటే ముక్కు లోపలి పొర వాస్తూనే ఉంటుంది. అవి ఆగకుండా ఏ స్ప్రే కొట్టినా లాభం తక్కువ.

వేచి చూడటం కూడా వైద్యంలో భాగమే. అమెరికాలో 5 నుంచి 9 ఏళ్ల పిల్లల మీద చేసి 2013లో ప్రచురించిన పరిశోధనలో, ఆపరేషన్ చేయకుండా 7 నెలలు గమనించిన పిల్లల్లో 46 శాతం మందికి నిద్ర పరీక్ష మామూలుకు వచ్చింది. ఆపరేషన్ చేసినవాళ్లలో 79 శాతం. జబ్బు తీవ్రంగా లేని, ఆక్సిజన్ బాగా పడిపోని పిల్లలను మాత్రమే అందులోకి తీసుకున్నారని మర్చిపోకూడదు. ఆక్సిజన్ 84కి దిగి, బరువు పెరగడం ఆగిన రెండున్నరేళ్ల బిడ్డకు ఆ అంకెలు వర్తించవు.

కొన్ని పనులు మాత్రం అస్సలు చేయొద్దు. జలుబు సిరప్ వేస్తే బాగా పడుకుంటాడని చాలామంది వేస్తారు. మత్తు కలిగించే మందు గొంతు కండరాలను ఇంకా సడలించవచ్చు, ఉలిక్కిపడి లేచే శక్తిని తగ్గించవచ్చు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన సిరప్‌లు 4 ఏళ్ల లోపు పిల్లలకు వాడొద్దని 2023 డిసెంబరులో మన దేశ ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. నోటితో ఊపిరి తీయకుండా పెదవులకు టేపు వేయమనే వీడియోలు తిరుగుతున్నాయి. ముక్కు మూసుకుపోయిన బిడ్డకు నోరే ఆఖరి దారి, దాన్ని మూయడం ప్రాణాపాయం. మాంటెలుకాస్ట్ కొందరికి డాక్టరు రాస్తారు. ప్రవర్తనలో, నిద్రలో మార్పులు తెచ్చే అవకాశం ఉందని అమెరికా ఔషధ సంస్థ 2020లో తీవ్రమైన హెచ్చరిక జారీ చేసింది. పాత చీటీ చూసి సొంతంగా కొనకూడదు.

డాక్టరు దగ్గరికి ఎంత త్వరగా వెళ్లాలన్నది కనిపించేదాన్ని బట్టి ఉంటుంది. నిద్రలో పెదవులో ముఖమో నీలంగా మారడం, లేపితే సరిగ్గా లేవకపోవడం, మెలకువగా ఉన్నప్పుడు కూడా డొక్కలు ఎగరేస్తూ ఆయాసపడటం, జ్వరంతో ఉమ్మి మింగలేక చొంగ కారుస్తూ ఉండటం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి. ఊపిరి ఆగుతూ మళ్లీ వస్తుంటే, బరువు పెరగకపోతే ఒకటి రెండు వారాల్లోపే చూపించాలి. వట్టి గురక, నోరు తెరుచుకుని నిద్ర అయితే నెల చూసి వెళ్లొచ్చు. ఇంకొకటి. చీమిడి ఒక ముక్కు నుంచే వస్తూ కంపు కొడుతుంటే అది అడినాయిడ్స్ కాకపోవచ్చు. చింతగింజో, శనగగింజో, స్పాంజి ముక్కో లోపల ఇరుక్కుని ఉండవచ్చు. బొత్తాం బ్యాటరీ అయితే గంటల్లోనే లోపల కాలుస్తుంది, వెంటనే తీయించాలి.

డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల విషయంలో గురక కోసం ఎదురుచూడకూడదు. ఈ పిల్లలకు 4 ఏళ్ల లోపు ఒకసారి నిద్ర పరీక్ష చేయించాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. లక్షణాలు పైకి కనిపించకపోయినా జబ్బు ఉండటం వీళ్లలో మామూలు. అంగిలి చీలిక, మరీ చిన్న దవడ, కండరాల బలహీనత, ఊబకాయం ఉన్న పిల్లలనూ త్వరగానే చూపించాలి.

మన బాబుకు ఆపరేషన్ నిర్ణయించారు. తల్లి అడిగిన మొదటి ప్రశ్న, "తీసేస్తే ఒంట్లో రోగనిరోధక శక్తి పోదా డాక్టర్ గారూ?" క్రిములతో పోరాడే కండ గొంతులో, నాలుక వెనక, పేగుల్లో ఇంకా చాలా చోట్ల ఉంటుంది కాబట్టి పిల్లలు తట్టుకుంటారు. కానీ ప్రశ్న అర్థంలేనిది కాదు. డెన్మార్క్‌లో సుమారు 12 లక్షల మంది పిల్లల రికార్డులు చూసి 2018లో ప్రచురించిన పరిశోధనలో, చిన్నప్పుడు ఇవి తీయించుకున్నవాళ్లకు తర్వాత శ్వాసకోశ జబ్బులు కొంత ఎక్కువగా కనిపించాయి. ఆపరేషనే దానికి కారణమని ఆ రికార్డులతో రుజువు కాదు. అయినా, అవసరం లేకుండా తీయించకూడదని చెప్పడానికి అది చాలు. అవసరం ఉన్న బిడ్డకు మాత్రం రాత్రికి రాత్రి ఆక్సిజన్ పడిపోవడమే పెద్ద నష్టం.

ఆపరేషన్ నోట్లోంచే చేస్తారు, బయట కోత ఉండదు. పూర్తి మత్తులో ముప్పావు గంట లోపే అయిపోతుంది. అదే సమయంలో చెవిలో నీరు తీయాల్సి ఉంటే తీస్తారు. ముందు ఇంట్లో ఎవరికైనా రక్తం ఆగని జబ్బు ఉందా అని అడుగుతారు, జలుబో జ్వరమో ఉంటే కొన్ని వారాలు వాయిదా వేస్తారు. 3 ఏళ్ల లోపు పిల్లలను ఆ రాత్రి తప్పనిసరిగా ఆసుపత్రిలో మానిటరు పెట్టి ఉంచాలి. గొంతు వాపుతో మొదటి రాత్రి ఊపిరి ఇంకా ఇబ్బంది కావచ్చు. "సాయంత్రానికి ఇంటికి పంపేస్తాం" అనే చోట ఈ వయసు బిడ్డకు చేయించొద్దు. ప్రభుత్వ రంగంలో హైదరాబాద్ కోఠిలోనూ, విశాఖపట్నంలోనూ చెవి ముక్కు గొంతు కోసమే ఆసుపత్రులున్నాయి. ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తాయో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవచ్చు.

ఇంటికి వచ్చాక నొప్పి వారం, పది రోజులు ఉంటుంది. పారాసెటమాల్ బరువును బట్టి ఇవ్వాలి, సాధారణంగా కిలోకు 15 మిల్లీగ్రాములు. 11 కిలోల బాబుకు ఒక్కో మోతాదు 165. తప్పులు జరిగేది సీసా దగ్గర. ఒకే మందు 5 మిల్లీలీటర్లకు 120 ఉన్నదీ, 250 ఉన్నదీ రెండూ దొరుకుతాయి. చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరులోనే 100 ఉంటుంది. "చెంచాడు" అని గుర్తుపెట్టుకోకుండా, సీసా మీద అంకె డాక్టరుకు చూపించి ఎన్ని మిల్లీలీటర్లో రాయించుకోవాలి. కోడీన్ కలిసిన మందు ఈ పిల్లలకు ఇవ్వకూడదు. కొందరి ఒంట్లో అది చాలా వేగంగా మార్ఫిన్‌గా మారి ఊపిరి ఆపేయగలదు.

గొంతులో తెల్లటి పొర కడుతుంది, నోరు వాసన వేస్తుంది. అది చీము కాదు, మానుతున్న పుండు. పెరుగన్నం, ఇడ్లీ, చల్లటి పాలు, ఐస్‌క్రీమ్ ఏదైనా పెట్టొచ్చు. తినకపోయినా నీళ్లు మాత్రం తాగించాలి. రక్తస్రావం మొదటి 24 గంటల్లో రావచ్చు. లేదా ఆ పొర రాలే 5 నుంచి 10 రోజుల మధ్య రావచ్చు. అందరూ కోలుకున్నాడని ఊపిరి పీల్చుకునే సమయం అదే. ఉమ్మిలో ఎర్రటి తాజా రక్తం కనిపించినా, నిద్రలో మాటిమాటికీ మింగుతున్నా, కాఫీపొడి రంగులో వాంతి అయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పసివాళ్లు రక్తం ఉమ్మరు, మింగేస్తారు. అందుకే మింగడం మీద కన్ను వేయాలి.

బాబును 6 వారాలకు మళ్లీ చూశారు. గురక పోయింది, మెడ విరవడం మానాడు. నోరు మాత్రం ఇంకా అప్పుడప్పుడు తెరుచుకునే ఉంటోంది. అలవాటు పోవడానికి కొన్ని నెలలు పట్టవచ్చు. అలర్జీ ఉంటే దానికి వేరే మందు కావాలి. వినికిడి పరీక్ష మళ్లీ చేశారు, మాటల కోసం మూడు నెలలకు రమ్మన్నారు. మొదట్లో ఆక్సిజన్ బాగా పడిపోయిన పిల్లలకు, గురక ఆగినట్టు కనిపించినా ఇంకోసారి రాత్రి పరీక్ష చేయడం మంచిది. కొందరిలో జబ్బు కొంత మిగిలిపోతుంది. ఇంత చిన్న వయసులో తీసిన అడినాయిడ్స్ కొందరిలో మళ్లీ పెరుగుతాయి కూడా. ఏడాది తర్వాతో, రెండేళ్ల తర్వాతో జలుబు లేకుండా వారానికి మూడు రాత్రులు గురక వినిపిస్తే, ఆపరేషన్ అయిపోయింది కదా అని ఊరుకోకుండా, తెల్లవారుజామున లేచి మళ్లీ వీడియో తీసుకుని అదే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.